బాత్రూమ్‌లో పెద్దవాళ్ల కోసం స్టీలు రాడ్ బిగించుకున్నవాళ్లు ఈ రాత్రే దాని మూత తీసి చూడండి

అమ్మ చేతికి కట్టు వేయించుకుని నిన్న సాయంత్రమే ఇంటికొచ్చాం. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కదపకూడదన్నారు. 74 ఏళ్ల మనిషికి ఇప్పుడు అన్నం నేనే కలిపి పెడుతున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ తగ్గేలా లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అమలాపురంలో శానిటరీ సామాన్ల షాపు. పేరు రాయను. మా చుట్టుపక్కల ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది అక్కడే కొన్నారు, మా ఇంటి టైల్స్ కూడా అక్కడివే. అమ్మకి మోకాళ్ల నొప్పులు ఎక్కువై కమోడ్ మీంచి లేవడం కష్టమవుతుంటే, పక్క గోడకి పట్టుకునే రాడ్ పెట్టిద్దామని వెళ్లాను. రాడ్డుకి 1,450, బిగించినందుకు 400 తీసుకున్నారు. పెట్టె మీద 150 కిలోలు మోస్తుందని రాసి ఉంది. వాళ్ల కుర్రాడే వచ్చి ఇరవై నిమిషాల్లో పని ముగించాడు.

వెళ్లేముందు అతను రెండు చేతులతో రాడ్ పట్టుకుని, కాళ్లు పైకి మడిచి వేలాడి చూపించాడు. "చూడండి మేడం, నన్నే మోసింది, అమ్మగారిని మోయదా?" అన్నాడు. నేను నమ్మాను. అమ్మని పిలిచి చూపించాను కూడా. "ఇంక భయం లేదమ్మా, దీన్నే పట్టుకో" అని నా నోటితో నేనే చెప్పాను. అప్పటిదాకా గోడ పట్టుకుని, నన్ను పిలిచి, నెమ్మదిగా లేచే మనిషి ఆ రోజు నుంచి ఒక్కర్తే వెళ్లడం మొదలుపెట్టింది. అసలు ఆ రాడ్ పెట్టించకపోయుంటే పడేది కాదేమో. ఈ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

పందొమ్మిదో రోజు తెల్లవారుజామున కూర్చోబోతూ కాలు జారి వెనక్కి ఒరిగింది. రాడ్డుని గట్టిగా పట్టుకుంది. కమోడ్ వైపున్న కొస గోడలోంచి ఊడి చేతిలోకి వచ్చేసింది. టైలు పెచ్చు ఒకటి ఎగిరి నేల మీద పడింది. నేను వెళ్లేసరికి అమ్మ కింద పడి, ఎడమ చేత్తో ఆ రాడ్డుని ఇంకా పట్టుకునే ఉంది.

ఆసుపత్రి వరండాలోంచే షాపు ఓనరుకి ఫోన్ చేశాను. ఆయన అన్న మాటలు ఒక్కటి కూడా మార్చకుండా రాస్తున్నాను. "రాడ్ వంగిందాండీ? విరిగిందాండీ? లేదు కదండీ. మా గ్యారంటీ రాడ్డుకండీ. అయినా అది ఊరికే ఆసరాకి పట్టుకోవడానికండీ, అమ్మగారు బరువంతా దాని మీద వేసేస్తే ఎలాగండీ?" అమ్మకి ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. ప్రతి మాటకీ చివర అండీ అంటూ తప్పంతా మా అమ్మ బరువు మీదికి తోసేశాడు. బరువు వేయడానికి కాకపోతే అది గోడకి ఎందుకు? తువ్వాలు ఆరేసుకోవడానికైతే 200 రూపాయల రాడ్ లేదా?

ఆసుపత్రి నుంచి వచ్చాక మా వీధి మేస్త్రి బాబాయిని పిలిచాను. ఆయన ఊడిన కొసను చేతిలోకి తీసుకుని, గోడకి ఆనే గుండ్రటి ప్లేటు మీది మెరిసే మూతను గోరుతో లాగి చూశాడు. లోపల మూడు రంధ్రాలున్నాయి, స్క్రూలు రెండే ఉన్నాయి. రెండో కొస మూత తీస్తే అక్కడా రెండే. మూడో రంధ్రం కనపడకుండా మూత పెట్టేశారు. రెండు స్క్రూలకీ ప్లాస్టిక్ ప్లగ్గులు అలాగే పట్టుకుని వచ్చేశాయి. వాటి చుట్టూ బూడిదరంగు సిమెంటు అంటుకుని ఉంది.

బాబాయి ఆ ప్లగ్గుని నాకు చూపించి, "దీని మీద ఎర్రమట్టి ఎక్కడైనా ఉందేమో చూడమ్మాయ్" అన్నాడు. లేదు. గోడ రంధ్రంలో అగ్గిపుల్ల పెట్టి కొలిచాడు. టైలు 8 మి.మీ. ఉంది. దాని వెనక టైలు అంటించిన సిమెంటు, పాత ప్లాస్టరింగ్ కలిపి 26. అంటే పైనుంచి 34 మి.మీ. దాటితే గానీ ఇటుక తగలదు. ప్లగ్గు పొడవు 30. స్క్రూ 40 అయినా ప్లేటు మందం పోగా దాని మొన ఒక్కటే ఇటుక దాకా వెళ్లింది, ఆ మొన చుట్టూ ప్లగ్గు లేదు. మా అమ్మ 68 కిలోల బరువు పాత ప్లాస్టరింగ్ మీద ఆధారపడిందన్నమాట.

మరి కుర్రాడు వేలాడితే ఎందుకు ఊడలేదని అడిగాను. ఆ జవాబు అందరికీ తెలియాలి. అతను నిటారుగా కిందికి వేలాడాడు. అప్పుడు బరువు ఎక్కువగా స్క్రూలకి అడ్డంగా పడుతుంది, రంధ్రం అంచే వాటిని ఆపుతుంది. చేతకాని బిగింపు కూడా ఆ బరువుకి నిలబడుతుంది. వెనక్కి పడే మనిషి కిందికి మాత్రమే లాగదు, గోడలోంచి బయటికి కూడా లాగుతుంది. అప్పుడు ప్లగ్గు ఎంత గట్టి పదార్థంలో, ఎంత లోతుగా ఉందన్నదే లెక్క. పైగా నెమ్మదిగా వేసిన బరువు వేరు, ఒక్క ఉదుటున పడ్డ బరువు వేరు. ఉన్నట్టుండి పడితే దాదాపు రెండింతల లాగుడు వస్తుంది, జారి కొంత దూరం పడ్డాక పట్టుకుంటే ఇంకా ఎక్కువ. అమ్మ బరువంతా దాని మీదే పడితే అది 136 కిలోలు దాటొచ్చు. పెట్టె మీది 150 కిలోలు స్టీలు గొట్టం సంగతి. మన గోడ సంగతి ఆ పెట్టె తయారుచేసినవాడికి ఎలా తెలుస్తుంది?

నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్నది ఇది. డ్రిల్లింగ్ అయ్యాక నేల మీద పడ్డ పొడిని ఊడ్చింది నేనే. తెల్లపొడి, బూడిదరంగు పొడి. మన వైపు బట్టీ ఇటుకకి డ్రిల్లు తగిలితే ఎర్రటి పొడి రాలుతుంది. చేటలో చిటికెడు ఎరుపు కూడా లేదు. కళ్ల ముందు ఉన్నదాన్ని ఎత్తి బయట పారేశాను. తెలిసుంటే ఆ క్షణమే ఆపేదాన్ని.

ఇప్పుడు కొత్తగా ఎలా బిగించామో చెబుతాను. ముందు బాబాయి స్క్రూడ్రైవర్ పిడితో టైల్స్ అన్నీ కొట్టి చూశాడు. రెండు టైల్స్ డొల్లగా మోగాయి, లోపల సిమెంటు అక్కడక్కడ ముద్దలుగా పెట్టి అంటించారు. అలాంటి చోట ప్లేటు బిగిస్తే టైలు పగులుతుంది. మూడు అంగుళాలు పక్కకి జరిగితే గట్టి శబ్దం వచ్చింది. అక్కడ అమ్మని కమోడ్ మీద కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి ఎక్కడికి అందుతుందో పెన్సిలుతో గీత పెట్టాం. నీళ్ల పైపు ఎటు పోతుందో కుళాయిని బట్టి చూసుకున్నాం.

మాది నాలుగున్నర అంగుళాల గోడ, అవతల వెనక వసారా. అందుకని బాబాయి ప్లగ్గుల జోలికే వెళ్లలేదు. గోడ ఇవతలి నుంచి అవతలికి 8 మి.మీ. స్టీలు మర రాడ్లు దూర్చి, వసారా వైపు నాలుగు అంగుళాల చదరపు స్టీలు ప్లేటు వేసి నట్లు బిగించాడు. ఇప్పుడు రాడ్ ఊడాలంటే ఆ ప్లేటు గోడని చీల్చుకుని రావాలి. పాత రాడ్ రంధ్రాల్లో ఆ మర రాడ్డు దూరలేదు, పెద్ద రంధ్రాలున్నది వేరే ఊర్లో కొనాల్సి వచ్చింది. టైలులో రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లుకి సుత్తి దెబ్బ ఆపేశాడు. అవతలి వైపు ప్లాస్టరింగ్ పెచ్చులుగా ఊడకుండా చివర్లో కూడా ఆపాడు. తెల్లపొడి, బూడిదపొడి, తర్వాత ఎర్రపొడి. ఆ ఎరుపు చూసి నాకు ఏడుపొచ్చింది. రంధ్రాల చుట్టూ సిలికాన్ పెట్టాడు, లేకపోతే మన తేమకి గోడలో నీళ్లు దిగుతాయి. నట్లూ బోల్టులూ అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. ఊడిన పాత స్క్రూల మీద పందొమ్మిది రోజులకే తుప్పు చుక్కలు కనిపించాయి.

బిగించాక బాబాయి వేలాడలేదు. గోడకి ఎదురుగా నిలబడి, వెనక్కి వాలి, బరువంతా వేసి లాగాడు. నేను ఆయన వెనక నిలబడ్డాను. లాగుతున్నప్పుడు ప్లేటుకీ టైలుకీ మధ్య కాగితం దూర్చబోతే దూరలేదు.

మీ గోడకి అవతలి వైపు వెళ్లే వీలు లేకపోతే కెమికల్ యాంకర్ వేయించండి, అంటే రంధ్రంలో గమ్ నింపి స్టీలు మర రాడ్ నిలబెట్టడం. ఆ రంధ్రంలో పొడిని బ్రష్షుతో రుద్ది, ఊది, పూర్తిగా శుభ్రం చేయించండి. లేకపోతే గమ్ ఇటుకకి కాక పొడికి అంటుకుని అలాగే ఊడొస్తుంది. లోతుని టైలు పైనుంచి లెక్కపెట్టకుండా ఇటుక మొదలైన చోటు నుంచి లెక్కపెట్టమనండి. తేలిక బ్లాకుల గోడ అయితే డ్రిల్లు సబ్బులోకి దిగినట్టు దిగుతుంది, అక్కడ మామూలు ప్లగ్గు స్క్రూలు అసలు ఒప్పుకోవద్దు. బూడిద ఇటుక అయితే పొడి రంగు చూసి తేల్చలేరు, డ్రిల్లు ఎక్కడ గట్టిపడిందో చూసి కొలిపించండి. గాలి పీల్చుకుని టైలుకి అతుక్కునే రబ్బరు కప్పుల రాడ్లు పెద్దవాళ్లకి అస్సలు కొనకండి.

ఆ నాలుగు స్క్రూలూ, ప్లగ్గులూ, టైలు పెచ్చూ ఒక కవర్లో పెట్టి ఉంచాను. రేపు అమ్మ దగ్గర వదినని కూర్చోబెట్టి షాపుకి వెళ్తాను. డబ్బులు అడగను. ఆ కుర్రాడు ఇప్పటిదాకా ఎవరెవరి ఇళ్లల్లో రాడ్లు బిగించాడో ఆ ఇళ్ల అడ్రసులు అడుగుతాను.