నీళ్లకు కూడా కేలరీలు లెక్కేసే అంకె

వండిన అన్నం, పప్పు, కూర గ్రాముల్లో తూచుకుని తినడం మొదలుపెట్టి ఏడాది దాటింది. కాటా మీద నాకు కంప్లయింట్ ఏమీ లేదు. నా కోపమంతా కేలరీలు లెక్కేసే యాప్‌లో ‘వండిన పప్పు, 100 గ్రాములు’ అని ముందే పెట్టి ఉంచే అంకె మీదే.

నా యాప్‌లో అది 100 కేలరీలు. మొదట్లో బాగానే అనిపించింది. 150 గ్రాముల పప్పు ఉడికించి, పోపులో 10 గ్రాముల నూనె వేశాను. పప్పుకి దాదాపు 515, నూనెకి 90, కలిపి 605 కేలరీలు. దించాక గిన్నె బరువు తీసేస్తే 600 గ్రాములు వచ్చింది. యాప్ లెక్కా 600 కేలరీలే. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఇంకోసారి అదే కొలతతో వండితే బాగా గట్టిపడింది. వేడినీళ్లు పోసి, పలచన చేసి తూచాను. 900 గ్రాములు. యాప్ ఈసారి 900 కేలరీలు అంది! పెరిగినవి 300 గ్రాముల నీళ్లు మాత్రమే. ఆ పూట నేను 200 గ్రాములు వడ్డించుకుంటే యాప్ 200 రాసుకుంది, నిజంగా లోపలికి వెళ్లింది 135 లోపే. ఇది కాస్త నయం, లెక్క ఎక్కువ చూపించింది కాబట్టి కడుపు మాత్రమే కాలింది. అదే పప్పు ముద్దగా 450 గ్రాములకు దిగిన రోజున 200 గ్రాముల్లో దాదాపు 270 ఉంటాయి. యాప్ మాత్రం మళ్లీ అదే 200. బరువు తగ్గాలనుకునేవాళ్లకి దెబ్బ ఇక్కడే పడుతుంది, అదీ కనిపించకుండా.

అందుకే ఆ అంకెని వదిలేశాను. వండే ముందు పప్పు, బియ్యం, నూనె తూచి మొత్తం కేలరీలు రాసుకుంటాను. వండాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తాను. కేలరీలను ఆ బరువుతో భాగిస్తే ఈ పూట పప్పు గ్రాముకి ఎంతో తెలుస్తుంది. వేడి గిన్నెను నేరుగా కాటా మీద పెట్టకండి, అంకె నిలవదు. కింద చెక్క పెట్టి, టేర్ నొక్కి అంకెని సున్నా చేసి, అప్పుడు గిన్నె పెట్టండి.

ఇక కంచంలోకి ఎంతెంత అన్నది. నాకు మధ్యాహ్నానికి 600 కేలరీల లెక్క. కూర, పప్పు ముందే ఖాయం చేసుకుంటాను, అన్నంతో సర్దుబాటు. పలచటి పప్పు 200 గ్రాములకు 134. బీన్స్ కూర 150 గ్రాములకు 112. మిగిలింది 354. 200 గ్రాముల బియ్యానికి దాదాపు 720 కేలరీలు, వండితే 560 గ్రాముల అన్నం అయింది, అంటే గ్రాముకి దాదాపు 1.29 చొప్పున. 354ని దాంతో భాగిస్తే దాదాపు 275 గ్రాముల అన్నం. నీళ్లు ఎక్కువై 640 గ్రాములైన రోజున అదే లెక్కకి 315 గ్రాములు తినొచ్చు. మెత్తటి అన్నం ఇష్టమైనవాళ్లు అదృష్టవంతులు.

కూర విషయంలో నాకు నమ్మబుద్ధి కానిది ఒకటుంది. 400 గ్రాముల బీన్స్‌కి 120 కేలరీలైతే, అందులో పోసిన మూడు టీస్పూన్ల నూనెకి దాదాపు 125. కూరగాయలే కదా అని తూచకుండా వేసుకునేవాళ్లు చూసుకోవాల్సింది నూనె చెంచానే.

వండాక తూచడం చాలా సులువని ఇంతకుముందు అందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. పప్పు కాసేపు ఆగితే చిక్కటిది అడుక్కి చేరుతుంది, పైన తేట మిగులుతుంది. అడుగు నుంచి గరిటెతో కలిపి తీయకపోతే గ్రాములు సరిగ్గా ఉన్నా కేలరీలు తప్పుతాయి. పైగా నా కాటా కాసేపు కదపకపోతే దానంతటదే ఆగిపోతుంది. సగం వడ్డించాక ఆగితే టేర్ పోయి, మళ్లీ మొదటికి. ఆ చిరాకు ఇప్పటికీ ఉంది.

మా ఇంట్లో వంట నాదే, తిరిగి తిరిగి అవే నాలుగైదు వంటలు, అందుకే నాకు కుదిరింది. వేరేవాళ్లు వండి పెడితే నూనె ఎంత పోశారో తెలియదు, అప్పుడు ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. అన్నం వరకైతే యాప్‌లోని 130 కేలరీలు నా లెక్కకి దగ్గరగానే ఉన్నాయి, మరీ మెత్తగా వండుకోని వాళ్లు దాన్ని వాడుకోవచ్చు. షుగర్‌కి మందులు వాడేవాళ్లు మాత్రం అన్నం గ్రాములు మార్చేముందు డాక్టర్‌ని అడగండి. నాకు ఆ సమస్య లేదు కాబట్టి నా అంకెలు మీకు సరిపోకపోవచ్చు.