గోడకెక్కే పటానికి ఏది మేలు: డై ఇంకా, పిగ్మెంట్ ఇంకా?

పోయిన సంక్రాంతి ముందు తుమ్మలపెంట నుంచి ఒక పెద్దాయన పాత పంచెలో చుట్టిన పటం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మా నాయన నల్లటోడు అబ్బయా. రెండేళ్ళకే ఇట్ట ఎర్రగా తేలాడేందీ?" అన్నాడు. కావలిలో స్టూడియో పెట్టుకున్నాక ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కాకపోతే ఆ పటం విప్పితే జరిగిందంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. అందుకని దాన్ని పట్టుకునే ఈ పోలిక చెప్తాను.

వెనక మేకులు పీకి ఫోటో బయటికి తీశాను. ఫ్రేము బద్ద కింద దాగిన అంచు, అర అంగుళం మేర, మొదట్లో కొట్టినప్పటి రంగులోనే ఉంది. జుట్టు నల్లగా, వెనక తెర నీలంగా. ఆ గీత దాటి లోపలికి రాగానే నీలం పోయి మొత్తం ఎర్రమట్టి రంగు. ఛాతీ మీద మాత్రం అర్ధచంద్రాకారంలో ఒక ముదురు మచ్చ. అద్దం మీద ఎప్పుడూ వేలాడే ప్లాస్టిక్ దండ నీడ అది. దండ అడ్డుపడిన చోట రంగు నిలిచింది, అడ్డులేని చోట వెలిసింది. కింది అంచున ఇంకో కథ. అద్దం తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా సందులోంచి నీళ్ళు దిగి, నల్ల కోటు రంగు విడిపోయి నీలం, ఊదా చారలుగా పైకి పాకింది. తడి దూది పుల్లతో మూలన ఒక్కసారి రుద్దితే రంగు పుల్లకి అంటుకుంది. డై ఇంకే, అనుమానం లేదు.

రెంటికీ తేడా ఎక్కడుందంటే, డై అనేది నీళ్ళలో కరిగిపోయే రంగు. పంచదార నీళ్ళలా ఎంతసేపు ఉంచినా అడుక్కి దిగదు. ప్రింటు కొట్టగానే కాగితం పైపూతలోకి ఇంకిపోతుంది. పిగ్మెంటు కరగదు. సున్నపు నీళ్ళలా, కంటికి కనిపించనంత సన్నటి రంగు పొడి నీళ్ళలో తేలుతుంటుంది. ఫోటో ప్రింటర్లకి వచ్చే మంచి రకాల్లో ఒక్కో రేణువు చుట్టూ రెసిన్ పొర కూడా ఉంటుంది. నీరు ఆరిపోయాక ఆ రేణువులు కాగితం పైనే, పైపైన లోపలా, పట్టుకుని ఉండిపోతాయి.

వెలిసిపోవడంలో తేడా అంతా ఇక్కడినుంచే వస్తుంది. డైలో రంగు అణువులు విడివిడిగా ఉంటాయి కాబట్టి వెలుతురు గానీ గాలిలో ఓజోన్ గానీ ఒక్కోదాన్నీ నేరుగా దెబ్బకొడుతుంది. పిగ్మెంటు రేణువులో వేల అణువులు ముద్దగా ఉంటాయి. పైన ఉన్నవి పాడైనా లోపలివాటికి అవే గొడుగు. అంటే పిగ్మెంటు వెలవదని కాదు, నిదానంగా వెలుస్తుంది.

డైలో కూడా నాలుగు రంగులూ ఒకేసారి పోవు. ఓజోన్‌కి ముందు లొంగేది ఎక్కువగా నీలం, అంటే సయాన్. అది పోతే మిగిలేది ఎరుపూ పసుపూ. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 ప్రింటర్లతో తీసిన ఫోటోలు కొన్ని ఇళ్ళలో చూస్తుండగానే నారింజ రంగుకు తిరగడం పెద్ద గొడవైంది. వెలుతురుకంటే గాలే దానికి కారణమని తర్వాత తేలింది. తొందరగా ఆరే కాగితంలో పైపూత నిండా సన్నని రంధ్రాలుంటాయి. అవి ఇంకును ఎంత వేగంగా పీల్చుకుంటాయో గాలినీ అంతే వేగంగా లోపలికి రానిస్తాయి. మన పెద్దాయన పటానికి అద్దం ఉంది గానీ వెనక అట్టకి టేపు లేదు. ముందునుంచి వెలుతురు, వెనకనుంచి గాలి, రెండూ పంచుకున్నాయి.

మరి డబ్బా మీద రాసే ఏళ్ళ లెక్క సంగతి? రెండొందలు, మూడొందల ఏళ్ళన్నది కనిపిస్తే కింద చిన్న అక్షరాలు చదవండి. చాలావరకు అది ఆల్బంలో, చీకట్లో దాచినప్పటి లెక్క. గోడకు తగిలించినదానికి వేరే లెక్క ఉంటుంది. ఈ పరీక్షల్లో పేరున్న అమెరికా సంస్థ విల్‌హెల్మ్ ఇమేజింగ్ రీసెర్చ్, ప్రింటు మీద రోజుకి 12 గంటలు 450 లక్స్ వెలుతురు పడుతుందనుకుని ఏళ్ళు కడుతుంది. లక్స్ అంటే వెలుతురు ఎంత పడుతుందో కొలిచే లెక్క. ఇంటి లోపలి గది వెలుతురు అది. పెద్దాయన పటం ఉన్నది తూర్పు వసారాలో. ఎండ నేరుగా పడకపోయినా అలాంటి చోట పొద్దున 2000 లక్స్ తేలిగ్గా దాటుతుంది.

కాగితం మీద వేసి చూద్దాం. 450ని 12తో గుణిస్తే రోజుకి 5400. వసారాలో 2000 చొప్పున పది గంటలే వేసుకున్నా 20,000. దగ్గర దగ్గర నాలుగు రెట్లు. గదిలో 60 ఏళ్ళు ఉంటుందన్న ప్రింటు వసారాలో 16 ఏళ్ళకి దిగుతుంది. అదీ కంపెనీ ఇంకు, కంపెనీ కాగితం వాడి, అద్దం వేసినప్పటి మాట. లీటరు సీసాల్లో వచ్చే ఏ పేరూ లేని డై ఇంకుకి ఎవరూ ఏ పరీక్షా చేయలేదు. దానికి రెండేళ్ళు రావడమే గొప్ప. పైగా ఆ పరీక్షలు గాలిలో తేమ 60 శాతం దగ్గర చేసేవి. సముద్రం పక్కనున్న మన ఊళ్ళలో ఏడాదిలో చాలా రోజులు అంతకంటే ఎక్కువే ఉంటుంది.

నీళ్ళ విషయంలో పిగ్మెంటుకి ఎదురు లేదు. నేనే చిన్న పరీక్ష చేశాను. ఒకే ఫోటో రెండు ఇంకుల్లో కొట్టి, ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, రెంటి మీదా చెంచాతో నీళ్ళు పోసి పది నిమిషాలాగి అద్దాను. పిగ్మెంటులో కాగితం కాస్త ఉబ్బింది గానీ రంగు కదల్లేదు. డై రెండు రకాలుగా వచ్చింది. 270 జీఎస్ఎం, అంటే చదరపు మీటరు 270 గ్రాములు తూగే, రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉన్న రెసిన్ కోటెడ్ కాగితం మీద మచ్చ లేకుండా బయటపడింది. చవకరకం 180 జీఎస్ఎం హై గ్లాసీ మీద రంగు కారడమే కాక, వేలు పెడితే పూతే లేచి వచ్చింది. కాబట్టి డై అంటే నీళ్ళకి కరిగిపోతుందని ఒక్క మాటలో కొట్టేయకూడదు. సగం గుణం కాగితానిది. అయితే ఆ మంచి కాగితం మీద కూడా చుక్క నీళ్ళు వేరు, నెలల తరబడి పట్టుకునే తేమ వేరు. తేమలో డై మెల్లగా పక్కకి పాకుతుంది. కనుబొమ్మల అంచులు, చీర జరీ గీతలు మసకబారడం మొదలైతే అదేనని గుర్తు. కార్తీకంలో వాయుగుండం పట్టి వారం ముసురేస్తే, గోడలు చెమ్మెక్కిన ఇళ్ళనుంచి నాకు వచ్చేవి ఎక్కువగా ఈ రకమే.

ఇంత చెప్పాక పిగ్మెంటే గెలిచిందనుకుంటారు. నా షాపులో రోజూ నడిచేది మాత్రం డై ప్రింటరే. పెళ్ళి ఫోటోల్లో పట్టుచీర ఎరుపు, బంగారం మెరుపు గ్లాసీ కాగితం మీద డైలో తేలినట్టు పిగ్మెంటులో తేలవు. పిగ్మెంటు రేణువులు పైన కూర్చుంటాయి కాబట్టి గ్లాసీ ప్రింటుని వాలుగా పట్టుకుంటే నల్లటి భాగాల్లో ఇత్తడి మెరుపులాంటిది కనిపిస్తుంది, గోరు తగిలితే గీత పడుతుంది. మ్యాట్ కాగితం మీదా, కాన్వాస్ మీదా ఈ పేచీ రాదు. ఆల్బంలో మూసి ఉంచే ఫోటోకి వెలుతురూ గాలీ అంతగా తగలవు కాబట్టి డై చాలు, దానికి పిగ్మెంటు ఖర్చు దండగ.

ఇంకో బాధ ప్రింటరుది. పిగ్మెంటు రేణువు అడుక్కి దిగుతుంది, వారం పది రోజులు ప్రింటు కొట్టకపోతే హెడ్డులో ఎండి, ఇంకు చిమ్మే సన్న రంధ్రాలు, అంటే నాజిళ్ళు, మూసుకుంటాయి. ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. డై ఇంకుతో నడిచే నా ఆరు రంగుల ట్యాంకు ప్రింటరులో, ఇంకు అయిపోవచ్చినప్పుడు, పిగ్మెంట్ అని రాసున్న సీసాలు పోసేశాను. పైపుల్లో మిగిలిన డైతో కలిసి అది పెరుగు విరిగినట్టు విరిగింది. మొదట పసుపులో గీతలు, తర్వాత నల్లలో. హెడ్ క్లీనింగ్ ఆరుసార్లు కొట్టాను, వేస్ట్ ఇంకు ప్యాడ్ నిండింది తప్ప నాజిల్ చెక్‌లో గీతలు పూడలేదు. కొత్త హెడ్డు ధరకి ఇంకొంచెం వేస్తే కొత్త ప్రింటరే వస్తుంది. ఒక ఇంకుకి చేసిన ప్రింటరులో ఇంకోటి పోయొద్దు. అడ్డుపడకపోయినా రంగులు సరిగా రావు, ఏ రంగుకి ఎంత ఇంకు వేయాలో ప్రింటరుకి చెప్పే ప్రొఫైల్ దానికి చేసింది కాదు.

ఇళ్ళలో ఉండే చిన్న ట్యాంకు ప్రింటర్లున్నవాళ్ళకి ఒక మాట. కెనాన్ G2010 లాంటి వాటిలో నల్ల ఇంకు పిగ్మెంటు, మిగతా మూడూ డై. ఆధార్ జిరాక్సు తడిసినా అక్షరాలు నిలవడం చూసి, ఫోటో కూడా నిలుస్తుందనుకుంటారు. నిలవదు, ఫోటోలో ఉన్న రంగంతా డైయే.

ఇక నా తీర్పు. గోడకెక్కేది, మళ్ళీ కొట్టించడానికి ఫైలు లేనిది అయితే పిగ్మెంటు. పోయినవాళ్ళ పటాలు సాధారణంగా ఇలాంటివే. పిగ్మెంటు దొరక్కపోతే రెసిన్ కోటెడ్ కాగితం మీద కంపెనీ డై ఇంకుతో కొట్టించి, రోజంతా ఆరాక కోల్డ్ లామినేషన్ వేయించండి. ఆ పొర గాలినీ తడినీ ఆపుతుంది, వెలుతురుని మాత్రం పూర్తిగా ఆపదు. ఆరకముందే వేయిస్తే లోపలి తేమ బయటికి పోలేక రంగు పాకుతుంది, అదే తడి అద్దం కింద మంచులా పేరుకుంటుంది. ల్యాబులో రసాయనాలతో కడిగి తీసే ప్రింటు మూడో దారి. అందులో ఇంకే ఉండదు, దాని సంగతి వేరే.

పెద్దాయనకి ఇదంతా చెప్పి, పటం వసారాలోంచి నడింట్లోకి మార్చమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆడ కూసోనే మా నాయన వలలు బాగుచేసుకునేటోడు. ఆణ్ణే ఉండాల" అన్నాడు. సరేనని ఆయన దగ్గరున్న పాత చిన్న ఫోటోని స్కాన్ చేసి, మ్యాట్ కాగితం మీద పిగ్మెంటులో కొట్టాను. అద్దానికి ఫోటో అంటుకోకుండా మధ్యలో మౌంటు అట్ట పెట్టి, వెనక చుట్టూ టేపు వేశాను. వసారాలోనే, కానీ తూర్పు వెలుతురు ఎదురుగా పడని పక్కగోడకి తగిలించమన్నాను. దానికి ఒప్పుకున్నాడు. తడిగుడ్డ వద్దు, పొడిగుడ్డతో తుడవమని రెండుసార్లు చెప్పాను.

అదే ప్రింటు ఇంకోటి తీసి, వెనక పెన్సిల్‌తో తేదీ వేసి, కవర్లో పెట్టి సొరుగులో దాచాను. వచ్చే సంక్రాంతికి ఆ పటం ఒకసారి తెమ్మన్నాను, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.