టెంపరేచర్ సెట్ చేసుకునే కెటిల్ కొంటున్నారా? బోరు నీళ్ల ఊళ్లవాళ్లు ఇది చదివాకే కొనండి

అనంతపురం, కడప, కర్నూలు వైపు ఉండి, ఆన్‌లైన్‌లో టెంపరేచర్ కంట్రోల్ ఉన్న గూస్‌నెక్ కెటిల్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. మేముండేది అనంతపురంలో. ఐదున్నర వేలు పెట్టి కొన్న మా కెటిల్ 93 డిగ్రీలని చూపించి బీప్ కొట్టినప్పుడు, లోపలి నీళ్లు నిజానికి 86 డిగ్రీల దగ్గర ఉన్నాయి. అమ్మిన పేజీలో మాత్రం ఒక డిగ్రీకి మించి తేడా రాదని రాశారు. కెటిల్ కొత్తలో బాగానే ఉండింది. కొన్ని నెలలు వాడినాక ఇట్లా తయారైంది. ఇది మన నీళ్లకు సంబంధించిన సంగతి కాబట్టి వేరే కంపెనీది కొన్నా మీకూ ఇదే ఎదురవ్వచ్చు.

మొదట అనుమానం రుచితోనే వచ్చింది. లైట్ రోస్ట్ అరకు గింజలు, ఎప్పటి కొలత, ఎప్పటి గ్రైండ్. అయినా కాఫీ పలచగా, పుల్లగా దిగుతోంది. గింజలు పాతబడ్డాయేమోనని కొత్త ప్యాకెట్ తెరిచినా అంతే. అప్పుడు వంటింటి డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెప్పించాను. పొడుగాటి పుల్ల ఉండేది, నాలుగు వందల లోపు దొరుకుతుంది. ముందు దాన్నే పరీక్షించాలి కదా. చితక్కొట్టిన ఐసు ముక్కల్లో కొంచెం నీళ్లు పోసి కలిపి ముంచితే సున్నా చూపించింది. పొయ్యి మీద కుతకుత మసలే నీళ్లలో పెడితే 99 చూపించింది. మనకు 99 రావడం సరైనదే. అనంతపురం సముద్రమట్టానికి దాదాపు 335 మీటర్ల ఎత్తులో ఉంది. ఎత్తు ప్రతి 300 మీటర్లకూ నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. కర్నూలులో తేడా ఇంతకంటే కొంచెం తక్కువ, కడపలో ఇంకా తక్కువ. హార్స్‌లీ హిల్స్ పైకి పోతే 96 దగ్గరే మరిగిపోతాయి.

థర్మామీటర్ మీద నమ్మకం కుదిరినాక కెటిల్‌లో 600 మిల్లీలీటర్లు పోసి 93కు సెట్ చేశాను. బీప్ రాగానే మూత తీసి, పుల్ల అడుగుకు గానీ గోడకు గానీ తగలకుండా నీళ్ల మధ్యలో పెట్టి చూస్తే 86. కెటిల్ మీద మాత్రం 93 అంకె కదలకుండా నిలబడి ఉంది. హోల్డ్ బటన్ నొక్కి మూడు నిమిషాలు ఉంచినాక నీళ్లు 90కి వచ్చాయి. అంత సేపూ డిస్‌ప్లే 93 మీదే ఉంది. అంటే అది చూపించేది మనం అడిగిన వేడినే గానీ నీళ్ల వేడిని కాదు.

ఎందుకిట్లా అంటే, ఈ కెటిల్‌లో వేడి కొలిచే సెన్సర్ నీళ్లలో లేదు. అడుగు స్టీలు పలక కింద అంటించి ఉంది. కొత్తలో పలక శుభ్రంగా ఉంటుంది, వేడి వెంటనే నీళ్లలోకి పోతుంది, పలకకూ నీళ్లకూ పెద్ద తేడా ఉండదు. మన బోరు నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ దండిగా ఉంటుంది. నీళ్లు కాగినప్పుడు అది కాల్షియం కార్బొనేట్‌గా మారి అడుగున తెల్లగా గార కడుతుంది. గార వేడిని సరిగా పోనివ్వదు. పలక ముందే వేడెక్కిపోతుంది, సెన్సర్ దాన్నే చూసి కరెంటు ఆపేస్తుంది, పైనున్న నీళ్లు వెనకబడిపోతాయి. పెనం కాలింది కదా అని దోసె కాలినట్టు లెక్కేసుకోవడమే ఇది.

కారణం ఇదేనని రూఢి చేసుకోవడానికి కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తెచ్చి, 700 మిల్లీలీటర్ల నీళ్లలో రెండు టీ చెంచాలు వేసి, మరగనివ్వకుండా వేడి చేసి అరగంట వదిలేశాను. గార బుసబుసమని కరిగిపోయింది. రెండుసార్లు కడిగి, ఒకసారి ఉత్త నీళ్లు మరిగించి పారబోసి, మళ్లీ అదే 600 మిల్లీలీటర్లు, అదే 93. ఈసారి థర్మామీటర్ 91 చూపించింది. గార పోయేసరికి ఐదు డిగ్రీలు తిరిగొచ్చాయి. మిగిలిన రెండు డిగ్రీలు కెటిల్‌కు పుట్టుకతో ఉన్న తేడా. కొత్తలో కూడా అంత ఉండే ఉంటుంది.

కొన్ని కెటిళ్లలో సెన్సర్ చిన్న మొలకలా అడుగు నుంచి నీళ్లలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. వాటితో ఈ బాధ తక్కువ. ఆ మొలక చుట్టూ గార కడితే మాత్రం కథ తిరగబడుతుంది. సెన్సర్‌కు వేడి ఆలస్యంగా తెలుస్తుంది, నీళ్లు సెట్ చేసిన దానికంటే ఎక్కువ కాగుతాయి. 75 అడిగితే 80 దాటిపోయి గ్రీన్ టీ చేదెక్కుతుంది. కొనే ముందు లోపలి ఫోటో చూసి మొలక ఉందో లేదో గమనించండి. లోపలి ఫోటోనే పెట్టని పేజీలో నేనైతే కొనను.

ఇక అసలు ప్రశ్న. మరిగే వేడి కంటే తక్కువ వేడికి ఇంత ప్రాముఖ్యం ఉందా? మీరేం తాగుతారన్నదాన్ని బట్టి ఉంటుంది.

పాల టీకి లేనే లేదు. ఆకు, పాలు, అల్లం అన్నీ కలిపి మరిగించేదానికి 93 అయితే ఏమి, 99 అయితే ఏమి. చికోరీ కలిపిన పొడితో స్టీలు ఫిల్టర్‌లో డికాషన్ దించుకునేవాళ్లకూ అక్కర్లేదు. మరిగే నీళ్లు పోసినా చల్లని స్టీలు, పొడి కలిసి ఆ వేడిని అక్కడికక్కడే బాగా లాగేస్తాయి. ఆ ఫిల్టర్ కోసం ఈ కెటిల్ కొనమని ఎవరైనా చెబితే ఆ డబ్బుతో మంచి పీబెర్రీ పొడి కొనుక్కోండి.

గ్రీన్ టీకి మాత్రం నిజంగా ఉంది. చేదూ వగరూ తెచ్చే క్యాటెచిన్లు, కెఫీన్ బాగా వేడి నీళ్లలో ఎక్కువగా దిగుతాయి. తియ్యదనం, కమ్మదనం ఇచ్చే అమైనో ఆమ్లాలు తక్కువ వేడికీ బాగానే దిగుతాయి. అందుకే 70 నుంచి 80 మధ్య పోయమంటారు. ఒకే ఆకును మరిగే నీళ్లతో ఒక కప్పు, 75తో ఇంకో కప్పు పెట్టి చూడండి, ఎవరూ చెప్పకుండానే తేడా తెలుస్తుంది.

ఫిల్టర్‌లో వేసిన పొడి మీద సన్నటి ధారగా వేడి నీళ్లు పోసి దించే పోర్ ఓవర్ కాఫీ సంగతి జనం అనుకున్నంత కచ్చితమైనది కాదు. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. 87, 90, 93 డిగ్రీల నీళ్లతో డ్రిప్ కాఫీ చేసి, గాఢత, పొడి నుంచి దిగిన శాతం మాత్రం అన్నిట్లో సమానంగా ఉండేలా సర్దారు. అట్లా సర్దినాక రుచిలో వేడి వల్ల వచ్చిన తేడా చాలా తక్కువని తేలింది. దీనర్థం వేడికి పనే లేదని కాదు. తక్కువ వేడి నీళ్లు పొడి నుంచి తక్కువ లాగుతాయి, ఆ లోటును గ్రైండ్ సన్నం చేసి పూడ్చుకోవచ్చు. మా కెటిల్ 86 ఇస్తోందని ముందే తెలిసి ఉంటే గ్రైండ్ ఒక మెట్టు సన్నం చేసుకుంటే సరిపోయేది. తెలియనివ్వకుండా 93 అని చూపించడమే నాకు కోపం తెప్పించింది. అంకె తప్పైతే దేన్ని సర్దాలో మనిషికి అర్థం కాదు. గ్రైండరు మీదా, గింజల మీదా అనుమానపడుతూ డబ్బు తగలేసుకుంటాడు.

గ్రీన్ టీ ఒక్కదాని కోసమే అయితే ఈ కెటిల్ లేకుండా పని జరుగుతుంది. మరిగిన నీళ్లు మూడు కప్పులు, క్యాన్ నీళ్లు ఒక కప్పు కలపండి. మరిగినవి 99, మామూలు నీళ్లు 30 అనుకుంటే మూడు తొంభైతొమ్మిదులు 297, ముప్పై కలిపితే 327, నాలుగుతో భాగిస్తే 82కు కొంచెం తక్కువ. గిన్నె లాగేసుకునే వేడి తీసేస్తే 80 దగ్గర నిలుస్తుంది. మే నెలలో మన క్యాన్ నీళ్లే 38 ఉంటాయి, అప్పుడు ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ వస్తాయి, కొంచెం ఆగి పోసుకోండి. పోర్ ఓవర్‌కు సన్నటి ధార కావాలంటే వేడి అంకె చూపించని మామూలు గూస్‌నెక్ కెటిల్ చాలు, వెయ్యీ పదిహేను వందల్లో వస్తుంది. ధార అదుపులో ఉండటానికీ వేడి సెట్ చేయడానికీ సంబంధం లేదు. రెండూ కలిపి అమ్ముతారు కాబట్టి ఒకటి కావాలంటే రెండోది కూడా కొనాలనిపిస్తుంది, అంతే.

రోజూ గ్రీన్ టీ, ఊలాంగ్, లైట్ రోస్ట్ కాఫీ మార్చి మార్చి చేసుకునేవాళ్లకు ఇది పనికొచ్చే వస్తువే, కాదనను. కానీ అందులో బోరు నీళ్లు పోయకండి. తాగే నీళ్లలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. ఆ పై హద్దు దగ్గరి నీళ్లు తాగడానికి చెల్లినా కెటిల్ అడుగును త్వరగానే తెల్లగా చేస్తాయి. ఆ నీళ్లలోని బైకార్బొనేట్ కాఫీలోని పులుపును చంపి చప్పగా కూడా చేస్తుంది. ఆర్‌ఓ క్యాన్ నీళ్లు వాడితే గార చాలా నెమ్మదిగా కడుతుంది. అయినా అడుగు తెల్లబడటం మొదలవగానే నిమ్మ ఉప్పు పెట్టండి, మందంగా కట్టేదాకా ఉంచొద్దు. స్టీలు పీచుతో మాత్రం రుద్దొద్దు.

అమ్మినవాళ్లకు ఇదంతా రాసి పంపితే, ఏడు రోజుల రీప్లేస్‌మెంట్ గడువు దాటిపోయిందన్నారు. సర్వీస్ వాళ్లు గార వల్ల వచ్చేది వారంటీలోకి రాదన్నారు. కాగితంలో గార గురించి ఒక్క ముక్క లేదు కదా అని అడిగితే జవాబు లేదు. కాబట్టి కొనేవాళ్లు పెట్టె విప్పిన రోజే పరీక్ష చేయండి. 600 మిల్లీలీటర్లు పోసి 80కి ఒకసారి, 93కి ఒకసారి సెట్ చేసి, బీప్ రాగానే ఒకసారి, రెండు నిమిషాలాగి ఒకసారి కొలవండి. డిస్‌ప్లే, థర్మామీటర్ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తీయండి. కొత్త కెటిల్‌లోనే మూడు డిగ్రీలకు మించి తేడా ఉంటే ఆ రోజే రిటర్న్ పెట్టండి. వాళ్లు వెనక్కి తీసుకోబోమంటే ఆ వీడియోతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తెలుగులో మాట్లాడే అవకాశం కూడా ఉంది.