ప్లేటు తిరగని మైక్రోవేవ్‌ని "పర్లేదు, వాడుకోండి" అంటే నమ్మకండి

మైక్రోవేవ్ కొన్నవాళ్లు, కొనబోతున్నవాళ్లు ఇది ఒకసారి చదవండి. మా దాంట్లో గాజు ప్లేటు తిరగడం ఆగిపోయింది, అప్పటికి వారంటీ ఇంకా ఉంది. సర్వీస్‌కి ఫోన్ చేస్తే "వేడి అవుతోందిగా, మధ్యలో ఒకసారి కలుపుకుని వాడుకోండి, పార్ట్ రాగానే మారుస్తాం" అన్నారు. పార్ట్ రాలేదు. ఈలోపు లోపలి గోడ దగ్గర చిటపటమంటూ నిప్పురవ్వలు, కాలిన వాసన. ఇప్పుడేమో "మీరు లోపల స్టీలు గిన్నె పెట్టి ఉంటారు, వారంటీ వర్తించదు" అంటున్నారు. మేం ఎప్పుడూ స్టీలు పెట్టలేదు. నాకు కోపం వచ్చింది ఈ మాటకే, ఎందుకంటే మొదటి లోపమే రెండోదాన్ని తెచ్చిపెట్టింది.

ఎలాగో చెప్తాను. మైక్రోవేవ్‌లో వేడి అంతటా సమానంగా ఉండదు, సుమారు 6 సెంటీమీటర్లకొకటి చొప్పున బాగా వేడెక్కే చోట్లు ఏర్పడతాయి, వాటి మధ్య చల్లటి చోట్లు ఉంటాయి. ప్లేటు తిప్పేది అందుకే. అది ఆగితే గిన్నెలో ఒకే చోట ఉడికి ఉడికి చిమ్ముతుంది, మిగతాది చల్లగానే ఉంటుంది. చిమ్మిన నూనె, పులుసు వెళ్లి పక్క గోడకున్న అభ్రకం రేకు మీద పడతాయి. చాలా మోడళ్లలో కుడివైపు గోడకు అట్టముక్కలా కనిపించేది అదే (ప్యాకింగ్ అట్ట అనుకుని పీకేసేవాళ్లు కూడా ఉన్నారు, పీకకండి). తరంగాలు లోపలికి వచ్చే దారికి అది మూత. అభ్రకం తనంతట తాను కాలదు గానీ దానికి అంటిన జిడ్డు మాడి బొగ్గవుతుంది, బొగ్గులో కరెంటు పారుతుంది, అక్కడే నిప్పురవ్వ పుడుతుంది. ఒకసారి పుట్టాక ఆ మచ్చ ఇంకా పెద్దదవుతుంది, పక్కనున్న గోడ పెయింట్ కూడా మాడి దాని కింది లోహం బయటపడుతుంది, ఇక అక్కణ్నుంచి కూడా రవ్వలే.

స్టీలు పెట్టడం వల్లే అయిందంటే ముందు కాలిన చోటు చూడండి. గిన్నె వల్ల అయితే రవ్వ గిన్నె అంచుకీ, దానికి దగ్గరగా ఉన్న గోడకీ మధ్య పుడుతుంది, మచ్చ ఆ ఎత్తులో ఉంటుంది. మా దాంట్లో మచ్చ అభ్రకం రేకు కింది అంచున మొదలై, దాని వెనకున్న రంధ్రం అంచు మీదికి పాకింది, చుట్టూ గట్టిపడిన జిడ్డు. ఫోటోలు తీసి పెట్టాను, మీరూ ఏదీ తుడవకముందే తీసుకోండి.

ప్లేటు ఆగిందని అనిపిస్తే ఇలా చూడండి. ప్లేటూ, కింద చక్రాల రింగూ తీసేసి, ఒక పక్కగా కప్పు నీళ్లు పెట్టి కొన్ని సెకన్లు నడపండి, ఖాళీగా మాత్రం నడపకండి. మధ్యలో ఉన్న ప్లాస్టిక్ ముక్క తిరుగుతూ, ప్లేటు పెడితే ప్లేటు మాత్రమే తిరగకపోతే ప్లేటు సరిగా కూర్చోలేదు, లేదా ఆ ముక్క అరిగింది, చిన్న పని. ప్లేటు లేనప్పుడు తిరిగి, బరువు పడగానే ఆ ముక్క కూడా ఆగితే సాధారణంగా కింది మోటారులో పళ్లు అరిగాయి. అసలు కదలకపోతే మోటారు పోయింది, లేదా దానికి కరెంటు అందడం లేదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరగడం మాత్రం లోపం కాదు, చాలా మోటార్లు అంతే.

నిప్పురవ్వ కనిపిస్తే వెంటనే ఆపి ప్లగ్ తీసేయండి. మంట కనిపిస్తే తలుపు తీయకండి. చల్లారాక చూస్తే రేకుకు జిడ్డే ఉండి మచ్చ లేకపోతే మెత్తటి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక వాడొచ్చు. మాడినా, చిల్లు పడినా రేకు మార్చాల్సిందే, ఆ మోడల్‌కి సరిపోయేది తీసుకోవాలి. కానీ సర్వీస్ అతను కొత్త రేకు మాత్రమే బిగించి వెళ్తే ఒప్పుకోకండి, దాని వెనకున్న గోడ మీద మాడిన బొగ్గు గీకి, మైక్రోవేవ్ లోపలికి పనికొచ్చే పెయింట్ వేయకపోతే కొత్త రేకూ మళ్లీ అక్కడే కాలుతుంది. గోడకే చిల్లు పడితే ఇక ఆ మైక్రోవేవ్ వాడకూడదు. బయటి డబ్బా మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

ప్లేటు ఆగిన రోజే కంప్లయింట్ రాతపూర్వకంగా పెట్టండి, తిరగకుండానే వాడొచ్చని ఎవరైనా ఫోన్లో అంటే అదే మాట మెసేజ్‌లో పంపమని అడగండి. మాకు ఆ మాట ఫోన్లోనే చెప్పారు, ఇప్పుడు అలా అనలేదంటున్నారు. అందుకే కంప్లయింట్ నంబర్‌తో, ఫోటోలతో పైవాళ్లకు మళ్లీ రాశాను, మోటారు, రేకు, గోడ పెయింట్ మూడూ వారంటీ కిందే చేయాలని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.