ఇన్సూరెన్స్ కంపెనీకి లాయర్ నోటీసు: గడువు 15 రోజులా, 30 రోజులా?

మిర్యాలగూడలో ఒక ఫంక్షన్ హాల్ ముందు రాత్రి పెట్టిన కారు తెల్లారేసరికి లేదు. ఓనరు పొద్దున్నే స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇచ్చాడు, అదే రోజు ఎఫ్‌ఐఆర్ అయింది. పోలీసులు పట్టుకుంటారులే అనుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి మాత్రం 41వ రోజున చెప్పాడు. చివరికి పోలీసులు కారు దొరకలేదని రిపోర్టు ఇచ్చారు. 2024 సెప్టెంబర్ 18న కంపెనీ నుంచి ఒక పేజీ ఉత్తరం వచ్చింది. ‘దొంగతనం గురించి వెంటనే తెలియజేయలేదు, పాలసీ షరతు ఉల్లంఘన, క్లెయిమ్ తిరస్కరించాం’ అని. కారు ఐడీవీ, అంటే కారు పోతే పాలసీ ప్రకారం వచ్చే గరిష్ఠ సొమ్ము, 4,80,000 రూపాయలు.

నవంబర్‌లో ఆ ఉత్తరం పట్టుకుని మా ఆఫీసుకొచ్చి, “సార్, గట్టి నోటీసు ఇవ్వండి, వారం రోజులే టైమివ్వండి” అన్నాడు. మా జూనియర్ అప్పటికే 15 రోజులని టైపు చేసి పెట్టాడు. నేను 30 చేయించాను.

ముందు ఒక మాట. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. ఎన్ని రోజులు ఇవ్వాలన్నదీ లేదు. కాబట్టి ఆ అంకె మన చేతిలో ఉంది. వారం గడువు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్పీడ్ పోస్ట్ కవరు బ్రాంచ్ ఇన్‌వార్డులో ముద్ర వేయించుకుని హెడ్డాఫీసు లీగల్ విభాగానికి చేరేలోపే ఆ వారం అయిపోతుంది.

15 రోజులకు మాత్రం ఒక లెక్క ఉంది. పాలసీదారు ఫిర్యాదును కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరు 14 రోజుల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం. దానికి ఒక రోజు కలిపితే 15. కమిషన్‌కు వెళ్లడమే ఖాయమైతే ఇది చాలు. జిల్లా కమిషన్‌లో కేసు మనం ఉండే చోటే వేసుకోవచ్చు, ఈ క్లయింటుకైతే నల్లగొండలో. అక్కడ క్లెయిమ్ సొమ్ము, వడ్డీతో పాటు మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు.

అయితే అది ఒక్కటే దారి కాదు. హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. రెండు తెలుగు రాష్ట్రాల ఫిర్యాదులూ ఆయన దగ్గరికే వెళ్తాయి. ఫీజు లేదు, 50 లక్షల వరకు అవార్డు ఇవ్వగలరు, ఆ అవార్డుకు కంపెనీ కట్టుబడాల్సిందే. అక్కడ లాయరు వాదించే వీల్లేదు, పాలసీదారే మాట్లాడుకోవాలి. (మావాళ్లు క్లయింట్లకు ఈ దారి గురించి పెద్దగా చెప్పకపోవడానికి కారణం ఊహించుకోండి.) జరిగిన నష్టానికి మించి పరిహారం అక్కడ రాదు.

ఆ తలుపు దగ్గరే 30 అంకె పనికొస్తుంది. 2017 నాటి అంబుడ్స్‌మన్ రూల్స్‌లో 14వ రూలు ప్రకారం పాలసీదారు ముందు కంపెనీకి రాతపూర్వకంగా మొర పెట్టుకోవాలి. కంపెనీ దాన్ని తోసిపుచ్చాలి, లేదా ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోవాలి, లేదా నెల రోజులైనా జవాబే రాకూడదు. ఆ తర్వాతే అంబుడ్స్‌మన్ తీసుకుంటారు, అదీ ఏడాదిలోపు. అదే విషయం మీద కమిషన్‌లో కేసు నడుస్తుంటే తీసుకోరు. అంటే 15 రోజులిచ్చి పదహారో రోజున నల్లగొండలో కేసు వేస్తే హైదరాబాద్ తలుపు మనమే మూసుకున్నట్టు. 30 రోజులు ఆగితే కంపెనీ మౌనంగా ఉన్నా రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. ఎటు వెళ్లాలో వాళ్ల జవాబు చూసి తేల్చుకోవచ్చు. అంబుడ్స్‌మన్ ఇచ్చింది చాలదనిపిస్తే ఆ తర్వాత కమిషన్‌కు వెళ్లొచ్చు. కమిషన్‌లో ఓడి వెనక్కి అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడం మాత్రం కుదరదు.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త తీసుకున్నాం. లాయర్ నోటీసు మొర కిందికి రాదని రేపు ఎవరూ అడ్డు చెప్పకుండా, క్లయింటు సంతకంతో గ్రీవెన్స్ ఆఫీసరు పేరిట ఒక పేజీ ఉత్తరం రాయించి, అదే రోజు నోటీసు కాపీతో సహా పోస్టులోనూ మెయిల్లోనూ పంపించాం. ‘ఈ నోటీసు అందిన నాటి నుంచి 30 రోజుల్లోగా’ అని స్పష్టంగా రాశాం. అందిన తేదీ కోసం పోస్టు డెలివరీ రిపోర్టు ప్రింటు తీసి ఫైల్లో పెట్టాం.

నోటీసులో ఏం రాయాలన్నది గడువు కంటే పెద్ద విషయం. కంపెనీ ఉత్తరంలో ఉన్న కారణం ఒక్కటే, ఆలస్యం. మేం దాన్ని కొటేషన్లలో యథాతథంగా దింపి దానికే జవాబిచ్చాం. గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల ధర్మాసనం 2020 జనవరిలో ఇదే తేల్చింది. అందులో ట్రాక్టరు పోయిన రోజే ఎఫ్‌ఐఆర్ అయింది, కంపెనీకి చెప్పింది మాత్రం 52 రోజులకు. పోలీసులకు వెంటనే చెప్పి, దొంగతనం నిజమని తేలాక, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదన్నారు. మాది 41 రోజులే.

క్లయింటు, “రెండో తాళంచెవి ఎక్కడో పోయింది సార్, అది కూడా వివరంగా రాయండి” అన్నాడు. వద్దన్నాను. తిరస్కరణ ఉత్తరంలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కొత్తగా తేకూడదని సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లు అడగని తాళంచెవి సంగతి మనమే రాసిస్తే ఆ కాగితం రేపు వాళ్ల ఎగ్జిబిట్ అవుతుంది. అడిగితే అబద్ధం చెప్పొద్దు. అడగందే ఎత్తొద్దు.

మరి 30 ఎప్పుడు పనికిరాదు? కాలపరిమితి దగ్గర పడినప్పుడు. కమిషన్‌లో కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఈ క్లయింటుకు 2026 సెప్టెంబర్ దాకా ఉంది కాబట్టి నెల ఆగినా నష్టం లేదు. రెండేళ్లకు నలభై రోజులు మిగిలినప్పుడు వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లకు 15 రోజులే ఇస్తాను. ఇరవై రోజులే ఉంటే నోటీసు మానేసి కేసు వేస్తాను. నోటీసు ఇస్తే గడియారం ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. మన తెలుగువాళ్ల కేసే ఉంది, కందిమళ్ల రాఘవయ్య కంపెనీది. 1988 మార్చిలో పొగాకు నిల్వ కాలిపోయింది. ఏళ్ల తర్వాత బీమా కంపెనీకి లాయర్ నోటీసు ఇచ్చారు, దానికి 1996లో జవాబు వచ్చింది, 1997లో జాతీయ కమిషన్‌లో కేసు వేశారు. ఆ జవాబుతో కొత్తగా కేసు పుట్టదని, కాలం మించిపోయిందని 2009లో సుప్రీంకోర్టు కొట్టేసింది.

మా నోటీసుకు 26వ రోజున కంపెనీ ప్యానెల్ లాయరు జవాబు వచ్చింది. రెండు పేజీల్లో అన్నీ ‘నిరాకరిస్తున్నాం’, చివర్లో కొత్తగా ‘రెండు తాళంచెవులూ అప్పగించలేదు’. జూనియర్ 15 రోజులకే కేసు వేసి ఉంటే ఈ జవాబు కేసు తర్వాత వచ్చేది, మనం ముందే చూసి ఉండేవాళ్లం కాదు. క్లయింటును కూర్చోబెట్టి రెండు దారుల లెక్కా చెప్పాను. “నాకు వేదన డబ్బులొద్దు సార్, కారు డబ్బులొస్తే చాలు” అన్నాడు. హైదరాబాద్ ఫారం నింపి, తిరస్కరణ ఉత్తరం, ఎఫ్‌ఐఆర్, పోలీసుల చివరి రిపోర్టు, మా నోటీసు, ఈ జవాబు వరసగా నంబర్లు వేసి కుట్టి, అతని చేతికే ఇచ్చి పంపాను.