ఎఫ్‌డీలో ఏది చూడాలి: 7 శాతమా, 7.19 శాతమా?

దాళ్వా ధాన్యం డబ్బులు పడ్డాక అమలాపురంలోనైనా భీమవరంలోనైనా ఎఫ్‌డీ వేసేవాళ్లకి వచ్చే సందేహమే ఇది. లక్ష రూపాయలు, 7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అనుకుందాం.

చెప్పిన రేటు: మూడు నెలలకి 1,750, ఏడాదికి 7,000.
అసలు రాబడి: మొదటి 1,750 అసలులో కలుస్తుంది కాబట్టి రెండో విడత వడ్డీ 1,781 అవుతుంది. ఏడాది తిరిగేసరికి మొత్తం 7,186, అంటే 7.19 శాతం.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. ఇదే డిపాజిట్ ఐదేళ్లుంచితే వడ్డీ 41,478 వస్తుంది. దాన్ని ఐదుతో భాగించి "రాబడి 8.30 శాతం" అని చూపిస్తుంటారు. అబద్ధం కాదు గానీ, ఏడాదికి నిజంగా పెరిగేది మాత్రం 7.19 శాతమే. కాలం ఎంత పెంచితే ఆ అంకె అంత ఉబ్బుతుంది. అందుకే ఏజెంటు ఏ రాబడి చెప్పినా "చక్రవడ్డీ లెక్కా, సగటా?" అని అడగండి.

ఎరువులకీ కూలీలకీ మూడు నెలలకోసారి వడ్డీ తీసుకునేవాళ్లు 7 శాతమే లెక్కలో పెట్టుకోవాలి. వడ్డీ మీద వడ్డీ వాళ్లకి రాదు. పిల్లల చదువుకని కదపకుండా ఉంచేవాళ్లు 7.19 చూడాలి. ఏడాదికోసారి వడ్డీ కలిపే చోట 7.1 శాతం ఇస్తామన్నా, వీళ్లకి మూడు నెలల 7 శాతమే మేలు.