స్టిక్కర్ మీది నాలుగు అంకెలు, రెండేళ్ల పాల లెక్కలు: నా డీడీఆర్4 ర్యామ్ జత గురించి

తిరుపతిలో ఇంటి నుంచే పనిచేస్తున్న నా డెస్క్‌టాప్‌లో 8 జీబీ ముక్కలు రెండు ఉన్నాయి. డీడీఆర్4 3200, స్టిక్కర్ మీద 16-18-18-38 అని ఉంటుంది. కొన్నేళ్లుగా ఇవే వాడుతున్నాను. ముందే చెప్పేస్తాను: ర్యామ్ బాగుంది, ఒక్కసారి కూడా మొండికేయలేదు. కానీ కొనేటప్పుడు అందరూ చూసే మొదటి అంకె, అంటే ఆ 16, నా పనిలో చెప్పే నిజం చాలా తక్కువ. పక్కనున్న రెండు 18లే నా టైమ్ తినేది. ఎందుకో వివరంగా రాస్తాను, ఎందుకంటే దుకాణంలో ఎవరూ చెప్పరు.

8 జీబీ ముక్క మీద ఎనిమిది చిప్‌లు ఉంటాయి. ఒక్కో చిప్‌లో 16 బ్యాంకులు, ఒక్కో బ్యాంకులో 65,536 రోలు, ఒక్కో రోలో 1,024 కాలమ్‌లు. ఎనిమిది చిప్‌లూ ఒకేసారి ఒకే రోను తెరుస్తాయి కాబట్టి మన లెక్కలో ఒక రో అంటే 8 కేబీ. రోలోని బిట్లను నేరుగా చదవడం కుదరదు. రో మొత్తాన్ని ముందు ఆ బ్యాంకు రో బఫర్‌లోకి ఎత్తాలి, తర్వాత అందులోంచి కావలసిన కాలమ్‌ను తీసుకోవాలి. ఒక బ్యాంకుకు ఒకటే రో బఫర్. రికార్డు రూమ్‌లో బల్ల ఒకటే ఉన్నట్టు: ఒక దస్తరం విప్పి పెట్టుకుంటే అందులో ఎన్ని కాగితాలైనా చకచకా చూడవచ్చు, ఇంకోటి కావాలంటే దీన్ని కట్టి లోపల పెట్టి అది తేవాలి.

స్టిక్కర్ మీది అంకెలు ఈ పనులకు పట్టే క్లాక్‌లు. 3200 ర్యామ్‌కు ఒక క్లాక్ 0.625 నానోసెకను. మొదటి 16 అంటే, కావలసిన రో ఇప్పటికే తెరిచి ఉంటే కాలమ్ అడిగిన క్షణం నుంచి డేటా మొదలయ్యేదాకా పట్టే 10 నానోసెకన్లు. దీన్నే రో హిట్ అంటారు. బ్యాంకులో ఏ రో కూడా తెరిచి లేకపోతే ముందు రోను ఎత్తాలి. అది రెండో అంకె, 18 క్లాక్‌లు, 11.25 నానోసెకన్లు. వేరే రో తెరిచి ఉంటే దాన్ని మూయడానికి మూడో అంకె, ఇంకో 11.25. అంటే రో హిట్‌కు 10, రోలు తగాదా పడితే 32.5. మూడు రెట్లకు పైనే తేడా, అదీ ఒకే ర్యామ్‌లో. నాలుగో అంకె, 38, రో తెరిచాక కనీసం ఎంతసేపు తెరిచి ఉంచాలో చెబుతుంది. రో చదవగానే సెల్స్‌లోని ఛార్జ్ పోతుంది, దాన్ని తిరిగి నింపే సమయం అది. నా పనిలో దాని జోలికి పోవాల్సిన అవసరం రాలేదు.

డేటా మొదలయ్యాక ఒక్క బైటు ఇచ్చి ఊరుకోదు. డీడీఆర్4 మామూలుగా ఎనిమిది విడతల బర్స్ట్‌గా పంపుతుంది. విడతకు 8 బైట్లు, మొత్తం 64. క్లాక్‌కు రెండు విడతలు వెళ్తాయి కాబట్టి 4 క్లాక్‌లు, 2.5 నానోసెకన్లు చాలు. ప్రాసెసర్ తన క్యాష్‌లోకి ఒకసారికి తెచ్చుకునే ముక్క, అంటే క్యాష్ లైన్, కూడా 64 బైట్లే. మీకు 4 బైట్లే కావాలన్నా 64 వస్తాయి. మిగతా 60 వాడుకుంటే లాభం, లేకపోతే దండగ.

ఇప్పుడు నా పని. చిత్తూరు వైపు పాల సేకరణ లెక్కల ప్రోగ్రామ్ ఒకటి నేనూ మా బావా కలిసి చూస్తాం. దాదాపు 11,500 మంది రైతులు, పొద్దున ఒక ఎంట్రీ, సాయంత్రం ఒక ఎంట్రీ. రెండేళ్లకు సుమారు 1.68 కోట్ల ఎంట్రీలు. లీటర్లు, వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం, తేదీ, కేంద్రం కలిపి ఎంట్రీకి సరిగ్గా 64 బైట్లు పెట్టాం, మొత్తం ఒక జీబీకి కొంచెం పైన. పాలు పోసిన వరుసలోనే ఎంట్రీలు పేరుకున్నాయి. ప్రతి ఎంట్రీలో అదే రైతు ముందటి ఎంట్రీ నంబరు ఉంటుంది. ఒక రైతు ఖాతా చూడాలంటే చివరి ఎంట్రీ దగ్గర మొదలుపెట్టి వెనక్కి ఒక్కొక్కటే దూకుతూ పోవాలి.

ఈ దూకుడులోనే అసలు కష్టం ఉంది. ముందటి పూట ఎంట్రీ దాదాపు 11,500 ఎంట్రీల వెనక, అంటే 700 కేబీకి పైగా దూరంలో ఉంటుంది. రో సైజు 8 కేబీ. కాబట్టి ప్రతి దూకుడూ కొత్త రోలో పడుతుంది. పోనీ దూరం ఒకేలా ఉంటే ప్రాసెసర్‌లోని ప్రీఫెచర్ పసిగట్టి ముందే తెచ్చిపెట్టేది. కానీ రైతులు రోజూ ఒకే వరుసలో రారు కదా. పైగా తర్వాతి చిరునామా ఇప్పుడొచ్చే ఎంట్రీలోనే ఉంది కాబట్టి, ఇది వచ్చేదాకా ప్రాసెసర్ ఇంకో రిక్వెస్ట్ పంపలేదు. 16 బ్యాంకులున్నా ఒకసారికి ఒక్క బ్యాంకే పనిలో ఉంటుంది.

నా మెషీన్‌లో ఒక్కో దూకుడుకు సగటున 95 నానోసెకన్ల దాకా పట్టింది. 1.68 కోట్ల దూకుడులకు సుమారు 1.6 సెకన్లు. "ఒకటిన్నర సెకనుకు ఇంత పంచాయితీనా బావా?" అన్నాడు మావాడు. ఒక్కసారైతే నేనూ పట్టించుకోను. బోనస్ రేటు చార్టులు మార్చి మార్చి వందల సార్లు నడిపేటప్పుడు మాత్రం టీ చల్లారిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ 95 మొత్తం ర్యామ్‌ది కాదు. మూడు క్యాష్‌లలో వెతికి లేదని తేల్చుకోవడం, మెమరీ కంట్రోలర్ దాకా పోయి రావడం అందులోనే ఉన్నాయి. ఇంకో దొంగ కూడా ఉన్నాడు: టీఎల్‌బీ, అంటే పేజీల చిరునామా అనువాదాలను ప్రాసెసర్ గుర్తుపెట్టుకునే చిన్న పట్టిక. 4 కేబీ పేజీలతో ప్రతి దూకుడూ కొత్త పేజీలో పడుతుంది కాబట్టి చిరునామా అనువాదానికి కూడా టైమ్ పోతుంది. రోల తగాదాను, టీఎల్‌బీని విడదీయాలంటే లినక్స్‌లో ఆ టేబుల్‌ను 2 ఎంబీ పేజీల మీద పెట్టి మళ్లీ కొలవాలి:

```c
char *p = aligned_alloc(2UL << 20, len);
madvise(p, len, MADV_HUGEPAGE);
```

ఇక్కడ len 2 ఎంబీకి గుణిజంగా ఉండాలి, టేబుల్‌ను నింపకముందే madvise పిలవాలి. అలా చేస్తే నాకు దూకుడుకు 75 దగ్గరకు దిగింది. ఆ తగ్గిన 20 టీఎల్‌బీ వాటా. మిగిలినదాంట్లోనే రో మూయడం, తెరవడం, కాలమ్, బర్స్ట్ కలిపి 35 ఉన్నాయి. దాన్ని ర్యామ్ మార్చి తగ్గించుకోవడం కంటే దూకుడే లేకుండా చేయడం తేలిక.

చేసింది ఇదే: టేబుల్‌ను రైతు వారీగా, తేదీ వరుసలో మళ్లీ పేర్చాం. ఒక రైతు రెండేళ్ల ఎంట్రీలు 1,460. ఒక్కోటి 64 బైట్లు కాబట్టి అన్నీ కలిపి 91 కేబీ, పన్నెండు రోలలో పడతాయి. అంతకు ముందు 1,460 సార్లు రో తెరవాల్సి వచ్చేది, ఇప్పుడు పన్నెండు పదమూడు సార్లు చాలు. ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు పోయే రెండు దారులకు, అంటే రెండు ఛానెళ్లకు, చిరునామాలు పంచడం వల్ల అసలు మెషీన్‌లో ఈ లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది, నిష్పత్తి మాత్రం అదే. వరుసగా పోతున్నామని ప్రీఫెచర్‌కు కూడా తెలిసిపోతుంది. మొత్తం టేబుల్ ఇప్పుడు పదో వంతు సెకనులోపే అయిపోతోంది. అదే ర్యామ్, అవే అంకెలు.

తెరిచిన రోలోంచి కూడా బర్స్ట్‌లు ఎడతెగకుండా రావు, అది తెలుసుకోవడం మంచిది. డీడీఆర్4లో 16 బ్యాంకులు నాలుగు గుంపులుగా ఉంటాయి. ఒకే గుంపు నుంచి వరుసగా రెండు బర్స్ట్‌లు కావాలంటే 3200 వేగంలో వాటి మధ్య 8 క్లాక్‌ల ఎడం ఉండాలి. వేర్వేరు గుంపుల నుంచైతే 4 చాలు. బర్స్ట్ పట్టేదే 4 క్లాక్‌లు కాబట్టి ఒకే రోను పట్టుకుని గీకితే తీగ సగం సేపు ఖాళీగానే ఉంటుంది. అందుకే కంట్రోలర్లు పక్కపక్క క్యాష్ లైన్లను వేర్వేరు గుంపులకు పంచుతాయి. మనం చేయాల్సింది ఏమీ లేదు, కానీ వరుస చదువులో ఒక ఛానెల్‌కు సెకనుకు 25.6 జీబీ అని రాసినదానికి దగ్గరగా రావడం ఈ పంపకం పుణ్యమే.

ఇక ఫిర్యాదులు. ఒక వేసవిలో కరెంటు పోయి వచ్చాక పాత రిపోర్టులన్నీ ఉన్నట్టుండి మందగించాయి. దూకుడుకు 20 నానోసెకన్లు పెరిగింది. మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ అయిపోయి బయోస్ సెట్టింగులు చెరిగిపోయాయి, ర్యామ్‌ను స్టిక్కర్ మీది వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగు ఆగిపోయింది, ర్యామ్ 2400కు, 17-17-17కు జారింది. కంప్యూటర్ మామూలుగానే లేస్తుంది, ఏ ఎర్రరూ చూపదు. కనిపెట్టడానికి ఇది చాలు:

```
sudo dmidecode -t memory | grep -i speed
```

అందులో Configured Memory Speed దగ్గర 2400 అని కనిపించింది. బ్యాటరీ మార్చి ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేశాక సర్దుకుంది. వింత ఏమిటంటే, ఆ 17 చూస్తే 16తో పెద్ద తేడా లేదనిపిస్తుంది. కానీ 2400లో క్లాక్ 0.833 నానోసెకను, కాబట్టి రోల తగాదా 32.5 నుంచి 42.5కు పెరిగింది. క్లాక్‌లను నానోసెకన్లలోకి మార్చకుండా ఏ రెండు ర్యామ్‌లనూ పోల్చకండి.

ఎండల సంగతి చాలామంది అడుగుతారు. మా ఊళ్లో మే నెలలో గది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ప్రతి 7.8 మైక్రోసెకన్లకు ఒకసారి ర్యామ్ రిఫ్రెష్ చేసుకోవాలి. అప్పుడు తెరిచిన రోలన్నీ మూసేయాలి, 8 గిగాబిట్ల చిప్‌కు 350 నానోసెకన్లు ఏ పనీ జరగదు. అంటే సమయంలో నాలుగున్నర శాతం దానికే పోతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రిఫ్రెష్ రెట్టింపు కావాలి, అప్పుడు తొమ్మిది శాతం. డెస్క్‌టాప్‌లో కాస్త గాలి ఆడితే అంత వేడి రాదు. నాకు రాలేదు.

ఇప్పుడు కొనాలనుకునేవారికి. 3600, 18-22-22 జత ధర దగ్గరగా ఉంటే చాలామంది పెద్ద అంకె చూసి అదే తీసుకుంటారు. లెక్క వేసి చూడండి. అందులో క్లాక్ 0.556 నానోసెకను, రో హిట్ సరిగ్గా 10, నా దానితో సమానం. రోల తగాదా 34.4, నా దానికంటే దాదాపు రెండు ఎక్కువ. బర్స్ట్ మాత్రం 2.2లో అయిపోతుంది. వీడియో ఎడిటింగ్ లాంటి వరుస చదువులకు అది మేలు. పాల ఖాతా లాంటి దూకుడు పనులకు 3200, 16-18-18 తీసుకున్నా నష్టం లేదు. అన్నట్టు, ఒక్కటే 16 జీబీ ముక్క కొని రెండోది తర్వాత చూద్దామనుకోకండి. రెండు ముక్కలంటే రెండు ఛానెళ్లు, ఒకేసారి తెరిచి ఉంచగల రోలు కూడా చాలాసార్లు ఎక్కువ.